తాతయ్య వీడియో టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఎప్పటికీ పోకుండా దాచుకోవడం ఎలా?

మా తాతయ్య తీసిన టేపుల్లో తాతయ్య కనిపించేది చాలా తక్కువ. కెమెరా ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది. అందుకే ఆయన ముఖం కంటే గొంతే ఎక్కువగా మిగిలింది. "ఇటు చూడరా", "కొంచెం వెనక్కి జరగమ్మా", చివర్లో "సరే, ఇక ఆపేస్తున్నా" అనే మాటలు. ఈ పని మొదలుపెట్టేటప్పుడే ఒకటి నిర్ణయించుకున్నాం: బొమ్మ కాస్త మసకగా వచ్చినా సర్దుకుందాం, గొంతు మాత్రం టేపులో ఎలా ఉందో అలాగే రావాలి. మీ ఇంట్లోనూ టేపులు తీసింది తాతయ్యే అయితే మీక్కూడా ఇదే మాట చెబుతాను. ఇక్కడ రాసిందంతా వీహెచ్‌ఎస్ టేపుల గురించి. మినీడీవీ లాంటి డిజిటల్ టేపుల పద్ధతి పూర్తిగా వేరు.

టేపును వీసీఆర్‌లో పెట్టే ముందు

ముందుగా ప్రతి టేపుకూ ఒక నంబరు ఇవ్వండి: V01, V02, అలా. డబ్బా మీద, క్యాసెట్ మీద, అంచు మీద ఉన్న చేతిరాతను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఆ రాతలో ఉన్న సంవత్సరాన్ని పూర్తిగా నమ్మకండి. ఒకే టేపు మీద మళ్లీ మళ్లీ రికార్డు చేసి, పాత లేబుల్‌ను అలాగే వదిలేయడం అందరూ చేసేదే.

తర్వాత క్యాసెట్ వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలక చూడండి. అది ఉంటే ఆ టేపు మీద ఇంకా రికార్డు చేయడానికి వీలుందని అర్థం. పొరపాటున రికార్డు బటన్ నొక్కితే పాతది చెరిగిపోతుంది. స్క్రూడ్రైవర్ మొనతో దాన్ని విరిచేస్తే ఆ భయం ఉండదు.

ఇప్పుడు క్యాసెట్ పైనున్న పారదర్శక కిటికీలోంచి లైటు పడేలా పట్టుకుని రీలు అంచును చూడండి. ఆరోగ్యంగా ఉన్న టేపు అంచు నల్లగా, నున్నగా, ఒకే తీరుగా ఉంటుంది. తెల్లటి పొడి, మచ్చలు, దారపు పోగుల్లాంటివి కనిపిస్తే అది బూజు. అలాంటి టేపును వీసీఆర్‌లో పెట్టకండి. బూజు పొడి వీసీఆర్‌లో టేపును చదివే హెడ్లకు పట్టుకుంటుంది, ఆ తర్వాత పెట్టే మంచి టేపులకూ అంటుకుంటుంది. దాన్ని విడిగా ఒక కవర్లో పెట్టి, బూజు పట్టిన టేపులు శుభ్రం చేసే అనుభవం ఉన్నవాళ్లకే ఇవ్వండి. ఇంట్లో గుడ్డతో తుడిచే ప్రయత్నం చేస్తే టేపు మీది అయస్కాంత పూత గీసుకుపోయే ప్రమాదం ఉంది.

చల్లటి చోట దాచిన టేపులైతే గది వేడికి అలవాటు పడేలా ఒక రోజు బయట ఉంచి, ఆ తర్వాతే నడపండి.

వీసీఆర్‌ను సిద్ధం చేయడం

కొత్త వీసీఆర్ దొరకదు. చివరి వరకూ వీటిని తయారు చేసిన ఫునాయ్ కంపెనీ కూడా 2016లో ఆపేసింది. కాబట్టి బంధువుల అటక మీదదో, ఎవరో వాడి అమ్మేసినదో తెచ్చుకోవాలి. అలా వచ్చిన వీసీఆర్‌లో తాతయ్య టేపును మొదటే పెట్టకండి. పోయినా ఎవరూ బాధపడని టేపు ఒకటి పెట్టి, కాసేపు నడిపి, బయటికి తీసి, ముందు మూత ఎత్తి చూడండి. మూత పక్కన చిన్న మీట ఉంటుంది, దాన్ని నొక్కితే మూత లేస్తుంది. టేపు అంచు ముడతలు పడి ఉంటే ఆ వీసీఆర్ టేపులను నలుపుతోందన్నమాట. దాన్ని బాగు చేయించాలి, లేదా మరొకటి చూసుకోవాలి.

బాగున్న టేపు పెట్టినా తెర నిండా మంచు కురిసినట్టు చుక్కలు వస్తుంటే హెడ్లు మురికిగా ఉన్నట్టు. ప్లగ్ తీసేసి, పై మూత విప్పి, నూలు రాలని మెత్తటి తోలు ముక్కను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, మధ్యలో మెరిసే గుండ్రటి డ్రమ్ముకు కదలకుండా ఆనించి పట్టుకోండి. రెండో చేత్తో డ్రమ్మునే మెల్లగా తిప్పండి. తోలును పైకీ కిందికీ రుద్దితే హెడ్లు విరిగిపోతాయి, ఆ వీసీఆర్ ఇక పనికిరాదు. దూది పుల్లలు కూడా వద్దు, వాటి పోగులు హెడ్లకు తట్టుకుంటాయి.

చాలా వీసీఆర్‌ల మెనూలో "బ్లూ బ్యాక్" అనే సెట్టింగ్ ఉంటుంది. సిగ్నల్ బలహీనపడగానే బొమ్మ తీసేసి తెరను నీలంగా మార్చేస్తుంది. దాన్ని ఆఫ్ చేయండి. పాత టేపుల్లో సిగ్నల్ బలహీనపడని చోటంటూ ఉండదు. ఇది ఆన్‌లో ఉంటే, గీతల మధ్యలోనైనా కనిపించాల్సిన మనిషి అసలు కనిపించకుండా పోతారు.

గొంతు టేపులో రెండు చోట్ల ఉంటుంది

ఎక్కువమంది పట్టించుకోని సంగతి ఇదే. కాబట్టి దీని దగ్గర కొంచెంసేపు ఆగుదాం.

వీహెచ్‌ఎస్ టేపు మీద శబ్దం రెండు రకాలుగా రికార్డు కావచ్చు. ఒకటి లీనియర్ ట్రాక్: టేపు అంచు పొడవునా సన్నటి చారలా ఉంటుంది, అన్ని వీహెచ్‌ఎస్ యంత్రాలూ దీన్ని చదువుతాయి. రెండోది హై-ఫై: తిరిగే డ్రమ్ము మీది హెడ్లతో, బొమ్మ ఉన్న చోటే దాని అడుగు పొరలో రికార్డవుతుంది. హై-ఫై శబ్దం చాలా స్పష్టంగా ఉంటుంది. కానీ టేపు అరిగినా, రికార్డు చేసిన యంత్రానికీ ఇప్పుడు నడుపుతున్న యంత్రానికీ కొలత కాస్త తేడా ఉన్నా, శబ్దం తెగిపోతూ "బర్ర్" మని మోగుతుంది. అప్పుడు రిమోట్ మీద AUDIO బటన్ నొక్కి NORM లేదా MONO కి మార్చండి. ఆ మాట యంత్రాన్ని బట్టి మారుతుంది. శబ్దం కొంచెం పలచబడుతుంది గానీ మాటలు తెగకుండా వినిపిస్తాయి. ముందు ట్రాకింగ్, అంటే టేపు మీది రికార్డుకు హెడ్లు సరిగ్గా ఆనేలా చేసే సర్దుబాటు, సరిచేసి చూశాకే ఇలా మార్చండి, కొన్నిసార్లు ట్రాకింగ్ సరిపడగానే హై-ఫై కూడా కుదురుకుంటుంది.

ఇంకో సంగతి ఉంది. కొన్ని యంత్రాల్లో "ఆడియో డబ్" అనే సదుపాయం ఉండేది. బొమ్మను కదపకుండా, తర్వాతెప్పుడో కొత్త శబ్దాన్ని చేర్చుకోవచ్చు. ఆ కొత్త శబ్దం వెళ్లేది లీనియర్ ట్రాక్ మీదికే. హై-ఫైలో ఉన్నది బొమ్మతో కలిసిపోయి ఉంటుంది కాబట్టి దాన్ని మార్చడం కుదరదు. అంటే ఒకే టేపులో రెండు వేర్వేరు శబ్దాలు ఉండొచ్చు.

మా V03 సరిగ్గా అలాంటిదే. హై-ఫైలో ఇంటి సందడి, పిల్లల అరుపులు ఉన్నాయి. శబ్దం అక్కడక్కడా తెగుతోందని లీనియర్‌కు మార్చి చూస్తే పిల్లల అరుపులు మాయమై, నిదానంగా తాతయ్య గొంతు వచ్చింది. "ఇది మీ నాన్న, ఆ వెనక నిలబడ్డది మీ పెద్దత్త" అంటూ బొమ్మలో ఉన్న ఒక్కొక్కరినీ పేరుపేరునా చెప్పుకుంటూ వెళ్లారు. ఎప్పుడో తీరిగ్గా కూర్చుని, చూసేవాళ్లకు తెలియాలని చేర్చిన మాటలవి. మా బాబాయి విని, "ఇది నాన్న ఆఖర్లో మాట్లాడే గొంతు, బొమ్మ కంటే చాలా ఏళ్ల తర్వాతది" అన్నాడు. ఆ టేపును హై-ఫైతో ఒకసారి, లీనియర్‌తో ఒకసారి పూర్తిగా ఎక్కించాం.

కాబట్టి ప్రతి టేపునూ మొదట్లో, మధ్యలో, చివర్లో కొద్దిసేపు రెండు రకాలుగానూ విని చూడండి. రెండూ ఒకటే అయితే బాగున్నది ఎంచుకోండి. వేరైతే రెండూ ఎక్కించండి.

ఎక్కించడం

వీసీఆర్‌కు ఎస్-వీడియో సాకెట్ ఉంటే అదే వాడండి, రంగుల అంచులు శుభ్రంగా వస్తాయి. లేకపోతే పసుపు కేబుల్. శబ్దానికి ఎరుపు, తెలుపు కేబుళ్లు. ఇవన్నీ యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి వెళ్తాయి, అక్కణ్నుంచి కంప్యూటర్‌కు. బొమ్మ యూఎస్‌బీ పరికరం ద్వారా, శబ్దం కంప్యూటర్ మైక్ సాకెట్ ద్వారా తీసుకోకండి. రెండింటి గడియారాలు వేర్వేరు కావడంతో గంట గడిచేసరికి పెదాలకూ మాటకూ పొత్తు కుదరదు.

VirtualDub2 లాంటి ప్రోగ్రామ్‌తో రికార్డు చేయొచ్చు. టేపు మన దేశంలో వాడిన పాల్ అనే టీవీ పద్ధతిదైతే 720×576, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికాలో వాడిన ఎన్‌టీఎస్‌సీ అయితే 720×480, సెకనుకు 29.97. వేరే దేశం నుంచి బంధువులు పంపిన టేపు నలుపు తెలుపుల్లో, దొర్లుతున్నట్టు కనిపిస్తే అది రెండో పద్ధతిది కావచ్చు. దానికి రెండు పద్ధతులూ చదివే వీసీఆర్ కావాలి.

వీడియోను కుదించి దాచే పద్ధతిని కోడెక్ అంటారు. నాణ్యత పోని కోడెక్ ఎంచుకోండి, HuffYUV లాంటిది. గంటకు సుమారు 30-40 జీబీ పడుతుంది. పెద్దదే, కానీ అసలు కాపీ ఇదే కాబట్టి ఇక్కడ పొదుపు వద్దు. హెచ్‌డీ చేసే, గీతలు తీసేసే, శబ్దం శుభ్రం చేసే ఆప్షన్లు ఏవీ ఇప్పుడు ఆన్ చేయకండి. శబ్దం శుభ్రం చేసే ఫిల్టర్ గాలి చప్పుడుతో పాటు మాటల చివరి హల్లులను కూడా తినేస్తుంది. ఒకసారి అసలు కాపీలోంచి పోయాక మళ్లీ టేపే నడపాల్సి వస్తుంది.

కంప్యూటర్ నిద్రలోకి జారకుండా, అప్‌డేట్ల కోసం తనంతట తానే రీస్టార్ట్ కాకుండా సెట్టింగ్స్ మార్చండి. టేపును పూర్తిగా వెనక్కి తిప్పి, ముందు కంప్యూటర్లో రికార్డు, తర్వాత వీసీఆర్‌లో ప్లే నొక్కండి. రెండు గంటల టేపుకు రెండు గంటలూ పడుతుంది, దీనికి దగ్గరదారి లేదు. మధ్యలో పాజ్ నొక్కి చూడకండి. పాజ్‌లో హెడ్లు ఒకే చోట తిరుగుతూ టేపును అరగదీస్తాయి.

ఖాళీ వచ్చిందని ఆపేయకండి. టేపు తనంతట తాను ఆగే దాకా వదిలేయండి. తక్కువ నిడివి ఉన్న కొత్త రికార్డు అయిపోయాక, దాని తర్వాత పాతది మిగిలి ఉండొచ్చు. మా టేపు ఒకదానిలో చాలాసేపు చుక్కలు తప్ప ఏమీ లేవు, ఇక అయిపోయిందనుకుంటుండగా చిన్నప్పటి పెద్దత్త పాడుతున్న పాట తోక మిగిలింది. లేబుల్ మీద దాని ఊసే లేదు.

బొమ్మ అడుగు అంచున వణికే సన్నటి పట్టీ చూసి టెన్షన్ పడొద్దు. హెడ్లు మారే చోట అది అన్ని టేపుల్లోనూ ఉంటుంది. టీవీలో అంచు దాగిపోయేది కాబట్టి అప్పట్లో మనకు తెలియలేదు. బొమ్మలో తలుపు అంచుల్లాంటి నిలువు గీతలు అలల్లా వంగుతుంటే మాత్రం వాటిని కుదురుగా నిలిపే టైం బేస్ కరెక్టర్ అవసరం. అది లోపలే ఉన్న వీసీఆర్‌లు కొన్ని ఉన్నాయి, అలాంటిది దొరికితే చాలా తేడా కనిపిస్తుంది.

సరిగ్గా వచ్చిందో లేదో చూడటం

రికార్డింగ్ ఆగగానే ప్రోగ్రామ్ చూపించే "dropped" ఫ్రేముల సంఖ్య చూడండి. రెండు గంటల్లో ఒకటీ అరా పోతే కంటికి తెలియదు. వందల్లో ఉంటే ఆ కాపీ పనికిరాదు. తర్వాత మొదట్లో, మధ్యలో, చివర్లో ఎవరైనా చప్పట్లు కొట్టిన చోటో, తలుపు వేసిన చోటో వెతికి, చప్పుడు, కదలిక కలుస్తున్నాయో లేదో చూడండి. మొదట్లో కలిసి, చివరికి వచ్చేసరికి తేడా పెరుగుతుంటే ఫ్రేములు జారుతున్నట్టు. వేరే యూఎస్‌బీ సాకెట్ మార్చి, మిగతా ప్రోగ్రాములు మూసేసి మళ్లీ ఎక్కించండి. మొదటి నుంచీ ఒకే తేడా ఉంటే అది చిన్న సమస్యే, చూసే కాపీ చేసేటప్పుడు శబ్దాన్ని ముందుకో వెనక్కో జరిపితే సరిపోతుంది.

చూసుకోవడానికి ఇంకో కాపీ

అసలు కాపీ ఫోన్లలో ఆడదు. అందరూ చూసుకోవడానికి చిన్న ఎంపీ4 చేయాలి. ffmpeg అనే ప్రోగ్రామ్ ఉంటే ఈ ఒక్క కమాండ్ చాలు:

```
ffmpeg -i V03_linear.avi -vf bwdif=mode=send_field -aspect 4:3 -c:v libx264 -crf 18 -pix_fmt yuv420p -c:a aac -b:a 192k V03_linear.mp4
```

ఇందులో bwdif కదలికల్లో కనిపించే దువ్వెన పళ్ల లాంటి గీతలను సరిచేస్తుంది. 4:3 అని చెప్పకపోతే మనుషుల ఆకారం సాగినట్టో నొక్కినట్టో కనిపిస్తుంది. శబ్దం శుభ్రం చేయాలనుకుంటే ఈ కాపీలో చేసుకోండి, అసలు దాన్ని ముట్టుకోవద్దు.

ఫైళ్ల పక్కనే ఒక మామూలు టెక్స్ట్ ఫైలు పెట్టి, ఏ నిమిషంలో ఎవరున్నారో రాయండి. ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఇది చేయాలి. సంవత్సరం ఖాయంగా తెలియకపోతే "1994 కావచ్చు" అనే రాయండి. ఊహను నిజంలా రాసి పెడితే తర్వాతివాళ్లు దాన్నే నమ్ముతారు.

మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఇంట్లో

ఒక లెక్క వేద్దాం. ఎనిమిది టేపులు, సగటున రెండేసి గంటలు అనుకోండి. మొత్తం 16 గంటలు. గంటకు 35 జీబీ చొప్పున అసలు కాపీలు 560 జీబీ. ఎంపీ4లు గంటకు 3 జీబీ అనుకుంటే 48 జీబీ. అన్నీ ఒక టీబీ డిస్కులో హాయిగా పడతాయి.

ఒక కాపీ కంప్యూటర్‌లో, ఒకటి ఇంట్లోనే ఉంచే పోర్టబుల్ హార్డ్‌డిస్కులో, ఒకటి వేరే ఇంట్లో ఉండే మరో హార్డ్‌డిస్కులో పెట్టండి. దొంగతనమో, నీళ్లు రావడమో జరిగితే ఒకే ఇంట్లో ఉన్న కాపీలన్నీ ఒకేసారి పోతాయి. మూడోది బయట ఉండాలనేది అందుకే. రెండు డిస్కులూ ఒకే రోజు, ఒకే రకానివి కొనకండి, ఒకే లోపంతో రెండూ ఒకే కాలంలో పాడయ్యే అవకాశం ఉంటుంది. పెన్‌డ్రైవ్ ఇచ్చిపుచ్చుకోవడానికే, దాచుకోవడానికి కాదు. డిస్కును exFAT లేదా NTFS లో ఫార్మాట్ చేయండి. FAT32 అయితే 4 జీబీ కంటే పెద్ద ఫైలును తీసుకోదు.

క్లౌడ్‌లో కూడా పెట్టాలనుకుంటే ముందు అప్‌లోడ్ వేగం చూసుకోండి. సెకనుకు 10 మెగాబిట్ల వేగంతో 560 జీబీ ఎక్కడానికి ఐదు రోజులకు పైగా ఆగకుండా నడవాలి. 48 జీబీ ఎంపీ4లైతే ఒక రాత్రి చాలు. మేం క్లౌడ్‌లో ఎంపీ4లే పెట్టాం, అందరికీ లింక్ పంపడం కూడా తేలికైంది. కానీ సింక్ అయ్యే ఫోల్డర్‌ను బ్యాకప్‌గా లెక్కపెట్టకండి. ఎవరో ఒకరు తమ ఫోన్లో డిలీట్ చేస్తే అన్ని చోట్లా డిలీట్ అవుతుంది. బంధువులకు చూసే అనుమతి మాత్రమే ఇవ్వండి.

కాపీ చేసినంత మాత్రాన అది సరిగ్గా వచ్చినట్టు కాదు. ప్రతి ఫైలుకూ వేలిముద్ర లాంటి ఒక సంఖ్యను లెక్కగట్టొచ్చు. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. విండోస్‌లో ఇలా:

```
certutil -hashfile V03_linear.avi SHA256
```

లినక్స్‌లో అయితే అన్నిటికీ ఒకేసారి:

```
sha256sum *.avi *.mp4 > sha256.txt
sha256sum -c sha256.txt
```

మొదటి వరుస సంఖ్యలను రాసి పెడుతుంది. రెండో వరుసను కాపీ అయిన డిస్కులో నడిపితే ప్రతి ఫైలు పక్కనా OK అని రావాలి. FAILED వస్తే ఆ ఒక్క ఫైలును మంచి కాపీ నుంచి మళ్లీ తెచ్చుకోండి. sha256.txt ను మూడు చోట్లా ఉంచండి.

ఏడాదికోసారి రెండు డిస్కులనూ ఒకచోటికి తెచ్చి ఇదే పరీక్ష నడపండి. వేరే ఇంట్లోని డిస్కు నుంచి ఒక టేపు ఫైలును వేరే కంప్యూటర్‌లోకి తెచ్చి, తెరిచి, చివరిదాకా ఆడుతోందో లేదో చూడండి. అప్పుడుగానీ కేబుల్ పోయిందనో, పాస్‌వర్డ్ మర్చిపోయామనో తెలియదు. డిస్కు చప్పుడు చేస్తున్నా, ఫైళ్లు తెరవడానికి అంతకుముందు కంటే ఎక్కువసేపు పడుతున్నా ఆగకుండా మార్చేయండి. ఏ ఇబ్బందీ లేకపోయినా ఐదారేళ్లకోసారి కొత్త డిస్కులోకి మార్చడం మంచిది.

పాస్‌వర్డ్, డిస్కులు ఉన్న చోటు, ఫైళ్ల పేర్ల పద్ధతి కనీసం ఇద్దరికి తెలియాలి. ఆ ఇద్దరిలో ఒకరు వయసులో బాగా చిన్నవాళ్లయి ఉండాలి. మా ఇంట్లో అది మా పెద్దత్త మనవరాలు. ఏడాది పరీక్ష ఆ అమ్మాయి చేతే చేయిస్తాం.

ఇన్ని కాపీలున్నాయి కదా అని టేపులు పారేయకండి. రేపు ఇంకా మంచి యంత్రం దొరికితే మళ్లీ ఎక్కించుకోవచ్చు. ఒక చివరకు పూర్తిగా చుట్టి, డబ్బాలో పెట్టి, పుస్తకాల్లా నిలబెట్టి, తేమ లేని చల్లటి చోట, స్పీకర్లకు దూరంగా ఉంచండి. డబ్బా మీద "ఎక్కించాం, V03, హై-ఫై, లీనియర్ రెండూ" అని రాయండి.